వైవాకి తేదీ కుదరాలంటే

పీహెచ్‌డీ స్కాలర్లని పలకరిస్తే, థీసిస్ ఇచ్చేశాక మొదలయ్యే ఎదురుచూపు గురించే ఎక్కువగా చెబుతారు. రాసినంత కాలం పని చేతిలో ఉంటుంది. ఇచ్చాక రిపోర్టులు ఎప్పుడొస్తాయో, వైవా ఎప్పుడు పెడతారో తమ చేతిలో ఉండదు. ఈ ఎదురుచూపులో కొంత భాగం తప్పనిది. పరీక్షకులు మూడువందల పేజీలు చదవాలి కదా. మిగతా భాగం మాత్రం తేదీ కుదుర్చుకునే ఉత్తరాలు సరిగ్గా రాయకపోవడం వల్ల వచ్చేదే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వేరే దేశంలో ఉండి ఆన్‌లైన్‌లో కూర్చునేటప్పుడు అది మరీ ఎక్కువ.

ఇదివరకు ఎక్స్‌టర్నల్ రైల్లోనో విమానంలోనో వచ్చేవారు. ఆయనకి టికెట్ దొరికిన రోజే వైవా రోజు. గెస్ట్‌హౌస్‌లో గది, స్టేషన్‌కి కారు చూసుకుంటే సగం పని అయిపోయేది. 2020లో లాక్‌డౌన్ వచ్చాక వీడియో ద్వారా వైవా జరుపుకోవచ్చని యూజీసీ సూచించింది. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లో ఆన్‌లైన్ వైవాకి శాశ్వతంగానే చోటు దొరికింది. ఆ నిబంధనల ప్రకారం థీసిస్‌ని గైడుతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు పరిశీలించాలి. వీలైన చోట ఆ ఇద్దరిలో ఒకరు విదేశంలో ఉన్నవారై ఉండాలి. ఇద్దరూ థీసిస్‌ని ఆమోదించవచ్చని రాస్తేనే వైవా. వైవా బోర్డులో గైడు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు ఉండాలి. అన్నిటికన్నా గట్టి షరతు ఇంకొకటి ఉంది. థీసిస్ సమర్పించిన నాటి నుంచి ఆరు నెలల్లో, వైవా ఫలితం ప్రకటించడంతో సహా, మొత్తం ప్రక్రియ పూర్తికావాలి.

తేదీ వెతకడం ఈ ఆరు నెలల చివరి గీత దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. చాలామంది ముందు నుంచి చూస్తారు, అందుకే చివరికి ఇరుక్కుంటారు. ఒక ఉదాహరణ కల్పించుకుని, తేదీలన్నీ పెట్టి చూద్దాం.

తెలంగాణలో ఒక విశ్వవిద్యాలయం. నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద ఒకమ్మాయి థీసిస్ రాసి 2026 మే 12న ఇచ్చింది. ఆరు నెలలంటే నవంబరు 12. సెప్టెంబరు మూడో వారానికి రెండు రిపోర్టులూ వచ్చాయి, రెండూ అనుకూలమే. వైవాకి అనుమతి సెప్టెంబరు 25న గైడు చేతికి వచ్చింది. బోర్డులో కూర్చోవాల్సిన ఎక్స్‌టర్నల్ అమెరికా తూర్పు తీరంలో ఉన్న ప్రొఫెసర్. ఆ విశ్వవిద్యాలయంలో వైవా నోటీసు కనీసం పదిహేను రోజుల ముందు పెట్టాలన్న నియమం ఉందనుకుందాం. ఈ గడువు ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి రిసెర్చ్ సెక్షన్‌లో అడిగి తెలుసుకోవాలి.

చూడ్డానికి చేతిలో నెలన్నర ఉంది. కానీ దసరా అక్టోబరు 20న. దానికి ముందు బతుకమ్మ, నవరాత్రులు. ఆ రోజుల్లో ఆఫీసులో ఫైలు కదలదు. దీపావళి నవంబరు 8న. అంటే దసరాకి ఊళ్లకి వెళ్లినవాళ్లు తిరిగొచ్చిన దగ్గర్నుంచి దీపావళికి ముందు శుక్రవారం దాకా, అక్టోబరు చివరి వారం, నవంబరు మొదటి వారం మాత్రమే మిగిలాయి. నోటీసు దసరా సెలవులకి ముందే బయటికి రావాలి. దానికి ప్రొఫెసర్ జవాబు అక్టోబరు 5 నాటికి అందాలి. జవాబుకి వారం రోజులు ఇవ్వాలంటే ఉత్తరం సెప్టెంబరు 28న, అంటే అనుమతి వచ్చాక మొదటి సోమవారమే, వెళ్లిపోవాలి. వెనక్కి లెక్కేస్తే ఇంత స్పష్టంగా తేలుతుంది. ముందుకి లెక్కేసుకుంటే, దసరా అయ్యాక చూద్దాంలే అనిపిస్తుంది.

ఉత్తరం రాయాల్సింది ఎవరు? స్కాలరు కాదు. చాలా చోట్ల పరీక్షకుల పేర్లు వైవా దాకా స్కాలరుకి అధికారికంగా చెప్పరు. చూచాయగా తెలిసినా, స్కాలరు నేరుగా రాస్తే పరీక్షకుడిని ప్రభావితం చేసినట్టు అవుతుంది. రాయాల్సింది గైడు, లేదా విభాగాధిపతి. అదీ విశ్వవిద్యాలయం ఇచ్చిన మెయిల్ నుంచే. ఆత్రం కొద్దీ స్కాలర్లే అమెరికాకి మెయిల్ పెట్టడం, దాంతో వైవా చిక్కుల్లో పడడం జరగకూడనిది. స్కాలరు చేయగలిగింది ఒకటుంది. తనకి కుదరని రోజులు ఉంటే, అంటే ఇంట్లో పెళ్లో, ప్రసవమో, ఉద్యోగ పరీక్షో ఉంటే, అవి ముందే గైడుకి చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లకి ఫలానా రోజు వద్దన్న పట్టింపు ఉంటే అదీ అప్పుడే చెప్పేయాలి. ప్రొఫెసర్ ఒప్పుకున్నాక చెబితే అందరికీ ఇబ్బందే.

ఇప్పుడు గడియారాల సంగతి. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే.

మనకి ఏడాది పొడుగునా ఒకటే సమయం. అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. బ్రిటన్, ఐరోపాల్లోనూ ఇలాగే మారుస్తారు గానీ తేదీలు వేరు. మార్చి చివరి ఆదివారం ముందుకి, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి. తూర్పు తీరానికీ మనకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటుంది. చలికాలంలో పదిన్నర గంటలు. 2026లో అక్కడ గడియారం మారేది నవంబరు 1న. మనకి మిగిలిన రెండు వారాల నట్టనడిమిన.

సెప్టెంబరు 28న గైడు ఉత్తరం రాస్తూ, ఫోన్లో ఇక్కడి టైము, అక్కడి టైము పక్కపక్కన చూశారనుకోండి. తేడా తొమ్మిదిన్నర అని తేలుతుంది. దాన్నే పట్టుకుని నవంబరు 5 సాయంత్రం ఆరున్నర అంటే మీకు ఉదయం తొమ్మిది అని రాసేస్తారు. కానీ నవంబరు 5న మన ఆరున్నర అక్కడ ఎనిమిది. ఉత్తరాన్ని నమ్ముకున్న ప్రొఫెసర్ తొమ్మిదింటికి తెర ముందు కూర్చుంటారు. అప్పటికి ఇక్కడ ఏడున్నర. సెమినార్ హాల్లో జనం గంట నుంచి ఎదురుచూస్తుంటారు, కొందరు లేచి వెళ్లిపోయి ఉంటారు. ఎవరూ ఆలస్యం చేయలేదు. ఉత్తరం రాసిన రోజు తేడాని వైవా రోజుకి వాడడమే తప్పు. సమయాన్ని మార్చి చూసేటప్పుడు వైవా తేదీని కూడా టైపు చేసి చూడాలి.

ఇంకో తప్పు పొట్టి అక్షరాల్లో ఉంది. మనం ఐఎస్‌టీ అని రాస్తాం. ఇజ్రాయెల్ వాళ్లకీ ఐర్లాండ్ వాళ్లకీ అవే మూడక్షరాలు ఉన్నాయి. అమెరికా సమయానికి ఎండాకాలంలో కూడా ఈఎస్‌టీ అని రాసేస్తుంటారు, అది చలికాలపు పేరు. అందుకని ఊరి పేరుతో రాయడం మేలు. హైదరాబాద్ సమయం, న్యూయార్క్ సమయం అని రాసి, పక్కన UTC+5:30, UTC-5 అని తేడా వేస్తే ఎవరికీ అనుమానం ఉండదు. వారం పేరు కూడా రాయాలి. పొద్దున్నే వైవా పెట్టుకుంటే ఇది మరీ ముఖ్యం. మన గురువారం ఉదయం ఏడున్నర అక్కడ బుధవారం రాత్రి. తేదీ ఒక్కటే రాస్తే ఆయన ఒక రోజు ఆలస్యంగా వచ్చే ప్రమాదం ఉంది.

ఉదయమా, సాయంత్రమా అన్నది కూడా తేల్చుకోవాలి. ఉదయం పెడితే హాల్లో మనవాళ్లు తాజాగా ఉంటారు, పరీక్షకుడు మాత్రం రోజంతా పాఠాలు చెప్పి అలసిపోయి రాత్రి పదింటికి ప్రశ్నలు వేయాలి. సాయంత్రం పెడితే ఆయన పొద్దున్నే కాఫీ తాగి కూర్చుంటారు. నేనైతే సాయంత్రానికే ఓటు వేస్తాను. స్కాలరు నాలుగైదేళ్ల కష్టాన్ని తూచేది ఆయన, కాబట్టి ఆయన మెలకువ ముఖ్యం. కాకపోతే అప్పుడు హాలు రాత్రి దాకా తెరిచి ఉంచాలి, కరెంటు పోతే జనరేటర్ వేసే మనిషి ఉండాలి, దూరం నుంచి వచ్చిన స్కాలర్లు తిరిగి వెళ్లే బస్సు గురించి ఆలోచించాలి. వాచ్‌మన్‌కి రెండు రోజుల ముందే చెప్పాలి.

తేదీలు ఎన్ని ఇవ్వాలి? మీకు ఎప్పుడు వీలు అని అడిగితే జవాబు రావడానికే పది రోజులు పడుతుంది, వచ్చినా అది మనకి సెలవు రోజు అయి కూర్చుంటుంది. ఒక్క తేదీ ఇస్తే ఆయన కాదంటే మళ్లీ మొదటికి. మూడు ఇస్తే చాలు. ఆ మూడూ ఒకే వారంలో ఉండకూడదు, ఆయన ఆ వారం ఏ సదస్సుకో వెళ్లి ఉండొచ్చు. ఇచ్చిన మూడు రోజులూ హాలు, విభాగాధిపతి, గైడు ఖాళీగా ఉన్నారని ముందే చూసుకుని, ఆయన జవాబు వచ్చేదాకా వాటిని పట్టి ఉంచాలి. మన ఉదాహరణలో నవంబరు 3 మంగళవారం కూడా ఖాళీగానే కనిపించింది. కానీ ఆ రోజు అమెరికాలో మధ్యంతర ఎన్నికలు. వైవా అడగదగిన రోజు కాదని గైడు పక్కన పెట్టారు. అవతలి దేశపు క్యాలెండర్ ఒకసారి తిరగేయడానికి రెండు నిమిషాలు పట్టదు.

గైడు రాసిన ఉత్తరం ఇంగ్లీషులోనే ఉంటుంది. అందులోని సారం ఇదీ:

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ రిపోర్టు అందింది, కృతజ్ఞతలు. వైవాకి ఈ మూడు సమయాల్లో ఏది వీలో దయచేసి అక్టోబరు 5 లోగా తెలపండి. అక్టోబరు 29 గురువారం, హైదరాబాద్‌లో సాయంత్రం 5:30, మీకు ఉదయం 8:00. అక్టోబరు 30 శుక్రవారం, అవే సమయాలు. నవంబరు 5 గురువారం, హైదరాబాద్‌లో సాయంత్రం 6:30, మీకు ఉదయం 8:00. నవంబరు 1న మీ గడియారం మారుతుంది కాబట్టి మూడోదానికి మా సమయాన్ని గంట జరిపాం. మొత్తం రెండు గంటలు కేటాయించగలరు. ఏదైనా అవాంతరం వస్తే మరుసటి పనిదినం అదే సమయానికి కొనసాగిద్దాం, ఆ సమయం కూడా ఖాళీగా ఉంచగలరా?"

మూడింటిలోనూ ప్రొఫెసర్‌కి ఎనిమిదే అన్నది గమనించండి. మారేది మన గంట. ఆయన ఏ తేదీ ఎంచుకున్నా లెక్క వేసుకోవాల్సిన పని లేదు. చివరి వాక్యంలో అడిగిన రిజర్వు రోజు కూడా ఊరికే అడిగింది కాదు. నవంబరు 5న నెట్ పోతే 6వ తేదీ ఉంది. అది ముందే అడక్కపోతే శని, ఆది, దీపావళి దాటి 9వ తేదీకి కొత్తగా బతిమాలుకోవాలి, గడువు మూడు రోజులు మిగులుతుంది.

రెండు గంటలు ఎందుకు అంటే, మన దగ్గర వైవా ఎలా జరుగుతుందో చూడాలి. స్కాలరు అరగంటో ముప్పావుగంటో తన పనిని వివరిస్తుంది. తర్వాత పరీక్షకుడి ప్రశ్నలు, ఇవి అరగంట నుంచి గంట. ఆ పైన సభలోనివాళ్లు అడగొచ్చు. మన వైవాకి సలహా సంఘం సభ్యులు, అధ్యాపకులు, తోటి స్కాలర్లు వచ్చి కూర్చోవచ్చని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. చివర్లో బోర్డు విడిగా మాట్లాడుకోవాలి, ఫలితం చెప్పాలి. ఇవన్నీ కలిపితే గంటా నలభై, యాభై నిమిషాలవుతుంది. విదేశీ పరీక్షకుడికి ఈ వరుస రాసి పంపాలి, ఎందుకంటే అక్కడి పద్ధతి వేరుగా ఉండొచ్చు. బ్రిటన్‌లో వైవా మూసిన తలుపుల వెనక జరుగుతుంది, రెండు మూడు గంటలు సాగడం మామూలు. అక్కడ అలవాటైన పరీక్షకుడు తెర తెరవగానే నలభై మంది కనిపిస్తే తడబడతారు. తాను కటువుగా అడగాలనుకున్న ప్రశ్న అందరి ముందు అడగాలా వద్దా అని వెనకాడతారు కూడా. వైవా బహిరంగంగా జరుగుతుందని, ఆయన ప్రశ్నలకి ఎంత సమయం ఉందో, చివర్లో ఏకాంతంగా మాట్లాడే వీలు ఉందని ముందే తెలిస్తే ఆయన తన ప్రశ్నలని దానికి తగ్గట్టు పేర్చుకుంటారు.

నిడివి విషయం ఇంకో చోట కూడా దెబ్బ కొడుతుంది. సొంత జీమెయిల్ నుంచి ఉచితంగా తెరిచిన గూగుల్ మీట్ ముగ్గురూ ఆ పైన ఉంటే అరవై నిమిషాలకి ఆగిపోతుంది. ఉచిత జూమ్ నలభైకే. సరిగ్గా ప్రశ్నలు జోరందుకునే సమయానికి తెర ఖాళీ అవుతుంది. అందుకని లింకు విశ్వవిద్యాలయం ఖాతా నుంచే పుట్టాలి. ఆ ఖాతాలో నిడివి ఎంతో, బయటి సంస్థ మెయిల్ ఉన్నవాళ్లని లోపలికి రానిస్తుందో లేదో కంప్యూటర్ సెంటర్ వాళ్లని అడిగి చూసుకోవాలి. కొన్ని సంస్థల ఖాతాలు సొంత మెయిల్ ఉన్నవాళ్లని మాత్రమే నేరుగా రానిస్తాయి. మిగతావాళ్లు తలుపు దగ్గర ఆగుతారు, హోస్టు చూసి అనుమతించాలి. హోస్టు ఆ సమయంలో ప్రొజెక్టర్ సర్దుతూ ఉంటే అవతల ప్రొఫెసర్ ఖాళీ తెర చూస్తూ కూర్చోవాల్సిందే. అనుమతించే పని ఒక్క మనిషికి అప్పజెప్పి, ఆ మనిషికి వేరే పని ఏదీ పెట్టకూడదు. ఆ మనిషి స్కాలరు అసలే కాకూడదు.

మన ప్రొఫెసర్ నవంబరు 5 ఎంచుకున్నారు. నోటీసు అక్టోబరు 8న బయటికి వచ్చింది. ఇక లింకు వివరాలు పంపాలి. వీటిని మూడు నాలుగు మెయిళ్లలో ముక్కలుగా పంపితే ఆయన వైవా పొద్దున వెతుక్కోవాల్సి వస్తుంది. అన్నీ ఒకే మెయిల్లో, పైగా క్యాలెండర్ ఆహ్వానం రూపంలో పంపితే సమయం ఆయన ఫోన్లో ఆయన ఊరి గంటల్లోనే కనిపిస్తుంది. ఆహ్వానం తయారుచేసేటప్పుడు మన ప్రాంతం Asia/Kolkata అని సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ఆ మెయిల్లో లింకు, మీటింగ్ ఐడీ, పాస్‌కోడ్ ఉంటాయి. హాలు ఎప్పటి నుంచి తెరిచి ఉంటుందో ఉంటుంది. పదిహేను నిమిషాల ముందు అంటే చాలు. లింకు పని చేయకపోతే ఫోన్ చేయాల్సిన నంబరు, దేశం కోడ్‌తో సహా, ఆ నంబరు ఎవరి దగ్గర ఉంటుందో ఉంటుంది. థీసిస్ పీడీఎఫ్, పరీక్షకులు అడిగిన సందేహాలకి స్కాలరు రాసిచ్చిన జవాబులు, ప్రొఫెసర్ సంతకం చేయాల్సిన వైవా రిపోర్టు ఫారం జతచేయాలి. వైవాని రికార్డు చేయాలనుకుంటే ఆ మాట ఇక్కడే రాసి ఆయన సమ్మతి తీసుకోవాలి. మొదలయ్యాక ఎర్ర చుక్క వెలగడం చూసి తెలుసుకోవడం మర్యాద కాదు.

రెండో లింకు కూడా పంపాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు. ప్రశ్నలు అయ్యాక గైడు, పరీక్షకుడు విడిగా మాట్లాడుకోవాలి కదా. ఎదురుగా ఉంటే పక్క గదికి వెళ్తారు. ఆన్‌లైన్‌లో ఉన్నప్పుడు సభని బయటికి వెళ్లమని, స్కాలరుని తెర కట్టేయమని చెప్పడం, ఎవరో ఒకరు లోపలే ఉండిపోవడం జరుగుతుంది. బోర్డుకి మాత్రమే తెలిసిన వేరే లింకు ఉంటే గైడు లాప్‌టాప్ తీసుకుని తన గదికి వెళ్లి ఆయనతో మనసు విప్పి మాట్లాడగలరు.

ఒకసారి కలిపి చూసుకోవడం తప్పనిసరి. దానికి ఏ రోజు పెట్టాలన్నది ఇక్కడ కలిసొచ్చింది. నవంబరు 1న అక్కడ గడియారం మారింది. మరునాడు సోమవారం, సరిగ్గా వైవా సమయానికే, మన సాయంత్రం ఆరున్నరకి పది నిమిషాల పరీక్ష పెట్టారు. గంట తేడా ఎక్కడైనా దొర్లి ఉంటే అది వైవా రోజున కాక ఆ రోజే బయటపడుతుంది. పరీక్షని గైడు గదిలో చేయకూడదు, వైవా జరిగే హాల్లోనే చేయాలి. హాల్లో రెండు లాప్‌టాప్‌లు ఒకే మీటింగ్‌లో ఉండి రెండింటికీ శబ్దం తెరిచి ఉంటే మాట ప్రతిధ్వనిస్తుంది. ఒక్కదానికే మైకు, స్పీకరు ఉంచి మిగతావి మూసేయాలి. సభలో వెనక వరసలో ఉన్నాయన ప్రశ్న అడిగితే మనకి వినిపిస్తుంది, ప్రొఫెసర్‌కి వినిపించదు. తిరిగే మైకు ఆ లాప్‌టాప్‌కే కలిసి ఉందా అని పరీక్ష రోజున వెనక వరసలో నిలబడి మాట్లాడి చూడాలి. మనమ్మాయి స్లైడ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న గ్రామాల పటం ఉంది, లేత పసుపు నుంచి ముదురు నారింజ దాకా. హాల్లో ప్రొజెక్టర్ మీద బాగానే ఉంది. అవతలి నుంచి ప్రొఫెసర్, మొదటి మూడు రంగులూ తనకి ఒకేలా కనిపిస్తున్నాయన్నారు. రెండు రోజుల వ్యవధి ఉంది కాబట్టి రంగులు మార్చి, స్లైడ్ల పీడీఎఫ్ ఆయనకి విడిగా పంపడం వీలైంది.

వైవా అయ్యాక కూడా తేదీ పని ఒకటి మిగులుతుంది. ఎదురుగా ఉన్న పరీక్షకుడు అక్కడికక్కడే సంతకం పెట్టి వెళ్తారు. ఆన్‌లైన్‌లో ఉన్నాయన సరే పంపిస్తానని లాగౌట్ అయ్యాక తన తరగతులకి వెళ్లిపోతారు, ఫారం వారం రోజులు పడి ఉంటుంది. ఆ వారంలోనే నవంబరు 12 దాటిపోవచ్చు. అందుకని బోర్డు విడిగా మాట్లాడుకునే పదిహేను నిమిషాల్లోనే, గైడు ఫారంలో ఫలితం నింపి ఆయనకి మెయిల్ చేసి, ఆయన సంతకం చేసిన కాపీ తిరిగి వచ్చాకే అందరినీ లోపలికి పిలవడం మంచి పద్ధతి. డిజిటల్ సంతకం సరిపోతుందా, ముద్రించి సంతకం చేసి స్కాన్ తీసి పంపాలా అన్నది రిసెర్చ్ సెక్షన్ చెప్పాలి. స్కానే కావాలంటే ఆ సంగతి సెప్టెంబరు ఉత్తరంలోనే రాసి ఉండాలి, ఎందుకంటే ఉదయం ఎనిమిదింటికి ఇంట్లో కూర్చున్న మనిషి దగ్గర ప్రింటర్ ఉండకపోవచ్చు. ఆ స్కాన్ ఆయన ఏ మెయిల్ నుంచి రిపోర్టు పంపారో ఆ మెయిల్ నుంచే రావాలి. వేరే మెయిల్ నుంచి వచ్చిందని ఫైలు వెనక్కి తిప్పితే, అప్పటికి దీపావళి సెలవు కూడా అడ్డం వస్తుంది.